బత్తాయి ఆకు ప్రాజెక్టుకు మోడల్ కార్డు: ఫోటోల రిజిస్టర్ నుంచి పరిమితుల దాకా

మోడల్ కార్డు అంటే ఒక మోడల్ ఏ డేటాతో నేర్చుకుందో, దేనికి వాడాలో, ఎక్కడ తప్పుతుందో చెప్పే చిన్న పత్రం. వైవా రోజుల్లో నా బల్ల మీదికి వచ్చే మోడల్ కార్డుల్లో "పరిమితులు" అన్న శీర్షిక కింద దాదాపు ప్రతిసారీ ఒకటే మాట కనిపిస్తుంది: "డేటా ఇంకా ఎక్కువ ఉంటే ఖచ్చితత్వం పెరుగుతుంది." ఈ మాట బత్తాయి ఆకుల ప్రాజెక్టుకూ సరిపోతుంది, చేతిరాత గుర్తించే ప్రాజెక్టుకూ సరిపోతుంది. అన్నిటికీ సరిపోతుందంటే అందులో ఈ మోడల్ గురించి ఏమీ లేనట్టే. ఏ తోటలో, ఏ ఆకు మీద, ఎందుకు తప్పుతుందో చెబితేనే అది పరిమితి అవుతుంది. అది తెలియాలంటే డేటా భాగం సరిగ్గా రాసి ఉండాలి. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు డేటాకే ఇచ్చాను.

మోడల్ కార్డు అనే పద్ధతిని మార్గరెట్ మిచెల్, టిమ్నిట్ గెబ్రూ, వాళ్ల సహచరులు 2019లో ఒక సదస్సు పత్రంలో ప్రతిపాదించారు. అందులో తొమ్మిది భాగాలున్నాయి. స్టూడెంట్ ప్రాజెక్టుకు తొమ్మిదీ రాయాలని నేను పట్టుబట్టను. డేటా, ఉద్దేశించిన వాడకం, పరిమితులు అనే మూడూ గట్టిగా ఉంటే చాలు. మిగతావి నాలుగు వాక్యాల్లో తేలిపోతాయి.

ఒక ఉదాహరణ పట్టుకుని వెళ్దాం. నల్లగొండ చుట్టుపక్కల బత్తాయి తోటల్లో ఆకుల ఫోటోలు తీసి, ఆకు బాగుందా, గజ్జి తెగులా, ఆకుముడత పురుగా, జింకు లోపమా అని చెప్పే మోడల్ అనుకోండి. నేను చూసిన రెండు మూడు టీముల అనుభవాలను కలిపి ఒక్క టీముగా చేసి చెబుతున్నాను. అంకెలు లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవి. మీ కార్డులో మీ అంకెలే ఉండాలి.

కార్డు చదివేటప్పుడు ఉద్దేశించిన వాడకం పైన ఉంటుంది, పరిమితులు కింద ఉంటాయి. రాసేటప్పుడు మాత్రం క్రమం తిరగేయండి. ముందు డేటా, తర్వాత పరీక్ష ఫలితాలు, వాటి నుంచి పరిమితులు, అన్నిటికంటే ఆఖరున ఉద్దేశించిన వాడకం. మోడల్ దేనికి పనికొస్తుందో పరీక్ష పెట్టకముందే రాస్తే అది మన కోరిక మాత్రమే అవుతుంది.

1. ఫోటో తీసిన రోజే రిజిస్టర్ రాయండి

కార్డులో డేటా భాగం బలహీనంగా ఉండటానికి కారణం రాయడం రాకపోవడం కాదు. రాసే వేళకు గుర్తు లేకపోవడం. ఆగస్టులో తీసిన ఫోటో ఏ చెట్టుదో ఏప్రిల్‌లో ఎవరికీ తెలియదు. పైగా టీములో ఒకరి ఫోన్ నుంచి ఇంకొకరికి వాట్సాప్‌లో ఫోటోగా పంపుకుంటే ఫోటో చిన్నదైపోతుంది, అందులో దాగి ఉన్న తేదీ, కెమెరా వివరాలు కూడా పోతాయి. పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి, లేదా కేబుల్ పెట్టి కాపీ చేయండి.

రిజిస్టర్ అంటే ఒక మామూలు షీట్. ఒక్కో ఫోటోకు ఒక్కో వరుస:

```
file,thota,chettu,aaku,date,phone,background,label,labeler
IMG_2041.jpg,T2,T2-07,T2-07-c,2024-08-17,B,chart,gajji,S1
IMG_2042.jpg,T2,T2-07,T2-07-c,2024-08-17,B,chart,gajji,S1
```

ఈ రెండు వరుసల్లో `aaku` నిలువు వరుస చూడండి. ఫోటోలు రెండు, ఆకు ఒక్కటే. మన టీము దగ్గర 1,240 ఫోటోలున్నాయి, ఆకులు మాత్రం 410. ఒక్కో ఆకును అటూ ఇటూ తిప్పి మూడేసి ఫోటోలు తీశారు. చెట్లు 58, తోటలు 5. కార్డులో "1,240 ఫోటోలు" అని మాత్రమే రాస్తే చదివేవాడు 1,240 వేర్వేరు ఆకులనుకుంటాడు. నాలుగు అంకెలూ రాయాలి: ఫోటోలు, ఆకులు, చెట్లు, తోటలు. చూడటానికి చివరి అంకె చాలా చిన్నదే. కానీ మోడల్ కొత్త చోట ఎలా నడుస్తుందో చెప్పేది అదే.

తర్వాత ఆ షీట్ నుంచి ఒక పట్టిక తీయండి. తోటలు ఒక వైపు, లేబుళ్లు ఇంకో వైపు. కార్డు మొత్తంలో ఒక్కటే పట్టిక పెట్టే చోటుంటే నేను ఇదే పెడతాను.

| తోట (మండలం) | ఆరోగ్యం | గజ్జి | ఆకుముడత | జింకు లోపం | మొత్తం |
|---|---|---|---|---|---|
| T1 కనగల్ | 180 | 0 | 90 | 60 | 330 |
| T2 తిప్పర్తి | 40 | 190 | 70 | 0 | 300 |
| T3 నిడమనూరు | 130 | 0 | 80 | 70 | 280 |
| T4 చండూరు | 80 | 0 | 30 | 20 | 130 |
| T5 గుర్రంపోడు | 90 | 20 | 60 | 30 | 200 |
| మొత్తం | 520 | 210 | 330 | 180 | 1,240 |

గజ్జి నిలువు వరుస కిందికి చూడండి. 210లో 190 ఒకే తోటవి. ఆ తోటకు టీము వెళ్లింది ఆగస్టులో, వానల్లో. మిగతా తోటలకు డిసెంబరు, జనవరిలో వెళ్లారు. ఆ తోటలో ఫోటోలు తీసింది ఒకే ఫోన్, ఆకు కింద పెట్టింది తెల్ల చార్టు కాగితం. మిగతా చోట్ల ఆకును అరచేతిలో పెట్టుకుని తీశారు. ఇక మోడల్ నేర్చుకున్నది గజ్జి మచ్చనా, చార్టు కాగితాన్నా? తల బద్దలు కొట్టుకున్నా ఈ డేటాతో తేల్చలేం.

ఇది మన టీము ఒక్కదానికే వచ్చిన చిక్కు కాదు. ఆకుల తెగుళ్లకు ప్రపంచమంతా వాడే ప్లాంట్‌విలేజ్ డేటాసెట్‌లో 54 వేలకు పైగా ఫోటోలున్నాయి. ఒక్కో ఆకును కోసి, సాదా నేపథ్యం మీద పెట్టి తీసినవి. 2022లో ఒక పరిశోధకుడు ఆ ఫోటోల్లో ఆకును అసలు చూపకుండా, నేపథ్యంలోని 8 పిక్సెళ్లు మాత్రమే ఇచ్చి మోడల్‌కు నేర్పితే, 38 క్లాసుల్లో సరైనదాన్ని 49 శాతం సార్లు చెప్పగలిగింది. ఊరికే ఊహిస్తే మూడు శాతం కూడా రాదు.

ఇదే పరీక్ష మీరూ పెట్టుకోవచ్చు, ఒక సాయంత్రం పని. ప్రతి ఫోటో నుంచి నాలుగు మూలల ముక్కలు మాత్రం కత్తిరించి, వాటితో ఒక చిన్న క్లాసిఫయర్‌కు నేర్పండి. మన డేటాలో అన్నిటికీ "ఆరోగ్యం" అని కళ్లు మూసుకుని చెప్పినా 1,240కి 520, అంటే 42 శాతం వస్తుంది. మూలల ముక్కలతో అంతకంటే బాగా ఎక్కువ వస్తే నేపథ్యం జవాబు చెప్పేస్తున్నట్టు. ఆ అంకెను దాచకుండా డేటా భాగంలోనే రాయండి.

2. లేబుల్ ఎవరు వేశారు, ఏం చూసి వేశారు

"నిపుణుల సహాయంతో లేబుల్ చేశాం" అని రాస్తారు. ఎందరు నిపుణులు, ఎన్ని ఆకులు? గుచ్చి అడిగితే తేలేదేమిటంటే, ఉద్యాన అధికారి ఒకరు ఓ గంట కూర్చుని ముప్పై నలభై ఫోటోలు చూసి ఉంటారు, మిగతావన్నీ టీము వాళ్లే వేసుకుని ఉంటారు. అందులో తప్పేం లేదు. అలాగే రాయండి: "410 ఆకుల్లో 40 ఆకుల లేబుళ్లు ఉద్యాన అధికారి చూశారు. మిగతా 370 ఇద్దరు విద్యార్థులు వేశారు."

ఇద్దరు వేసినప్పుడు ఇంకో మంచి పని చేయొచ్చు. ఒక వంద ఆకులు తీసుకుని ఇద్దరూ ఒకరిది ఒకరు చూడకుండా లేబుల్ వేయండి. ఎన్ని కలిశాయో లెక్కపెట్టండి. 84 కలిశాయనుకుందాం. 84 అనే అంకె కంటే ఆ కలవని 16 ఆకులు ముఖ్యం. వాటిని బల్ల మీద వరుసగా పేర్చి చూస్తే మోడల్ రేపు ఎక్కడ తడబడుతుందో ఇవాళే కనబడుతుంది.

బత్తాయిలో ఆ తగాదా రెండు చోట్ల వస్తుంది. ఒకటి, ఆకుముడత పురుగు లేత ఆకు పొరలో తొలుచుకుంటూ పోయి, వెండి రంగులో మెలికల చారలు వేస్తుంది, ఆకు ముడుచుకుంటుంది. ఆ గాయాల్లోంచే గజ్జి బ్యాక్టీరియా తేలిగ్గా లోపలికి పోతుంది. అందుకని ఒకే ఆకు మీద చారా, దాని వెంబడి పసుపు వలయంతో బొడిపెల్లాంటి గజ్జి మచ్చా రెండూ ఉంటాయి. మన మోడల్ ఒక ఆకుకు ఒక్క పేరే చెప్పగలదు. మరి ఆ ఆకుకు ఏ లేబుల్ వేశారు? "ఏది ఎక్కువ కనిపిస్తే అది" అని టీము అనుకున్నట్టయితే ఆ నియమం కార్డులో ఉండాలి.

రెండోది జింకు లోపం. ఈనెలు పచ్చగా ఉండి, ఈనెల మధ్య పసుపు తేలుతుంది, ఆకు చిన్నదవుతుంది. ఆకు నడిమి ఈనెకు రెండు వైపులా పసుపు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. గ్రీనింగ్ తెగులు సోకిన ఆకు కూడా పసుపు పచ్చే. కాకపోతే దాని మచ్చలు ఒక సగంలో ఒకలా, ఇంకో సగంలో ఇంకోలా చిందరవందరగా ఉంటాయి. పైగా గ్రీనింగ్ వచ్చిన చెట్టులో పోషక లోపం లక్షణాలు కూడా కనిపిస్తాయి కాబట్టి ఆకును చూసి మాత్రమే ఖాయంగా చెప్పలేం, ల్యాబులో పీసీఆర్ పరీక్ష చేయాల్సిందే. మన టీము అలాంటి పరీక్ష చేయించలేదు. కాబట్టి కార్డులో ఈ వాక్యం రావాలి: "జింకు లోపం అని వేసిన లేబుళ్లన్నీ కంటితో చూసి వేసినవి. వీటిలో గ్రీనింగ్ సోకిన ఆకులు కలిసి ఉండవచ్చు."

ఇక్కడ ఒక టీము చేయబోయిన పని చెప్పాలి. గ్రీనింగ్‌ను ఐదో క్లాసుగా కలుపుదాం, ప్లాంట్‌విలేజ్‌లో నారింజ గ్రీనింగ్ ఫోటోలు వేలల్లో ఉన్నాయి కదా అన్నారు. ఉన్నాయి. కానీ ఆ డేటాసెట్‌లో నారింజకు ఉన్నది ఆ ఒక్క క్లాసే, ఆరోగ్యంగా ఉన్న నారింజ ఆకు ఒక్కటీ లేదు. గ్రీనింగ్ ఫోటోలన్నీ అక్కడివి, ఆరోగ్యం ఫోటోలన్నీ మన తోటలవి అయితే మోడల్ నేర్చుకునేది తెగులు కాదు, ఏ ఫోటో ఎక్కడ తీశారన్నది. ఖచ్చితత్వం మాత్రం నూటికి నూరు దగ్గరికి వచ్చి టీమంతా స్వీట్లు పంచుకుంటుంది.

3. తోట వారీగా విడగొట్టి పరీక్షించండి

ఫోటోలన్నీ కలిపి, కలియబెట్టి, 80 శాతం ఇటు 20 శాతం అటు వేస్తే ఏమవుతుంది? `T2-07-c` ఆకు ఫోటోలు మూడింటిలో రెండు శిక్షణలోకి, ఒకటి పరీక్షలోకి పోతాయి. మోడల్ ఆ ఆకును ముందే చూసింది. ప్రశ్నపత్రం ముందు రోజే చేతికొచ్చిన పరీక్ష లాంటిది. మన టీముకు ఇలా 95 శాతం వచ్చింది. గుర్రంపోడు తోటను పూర్తిగా పక్కన పెట్టి, మిగతా నాలుగు తోటలతో నేర్పి, ఆ ఐదో తోట మీద పరీక్షిస్తే 76 శాతం వచ్చింది.

"సార్, 95 రాయొద్దా?" అని అడుగుతారు, ముఖం చిన్నబుచ్చుకుని. రాయండి, కానీ రెండూ పక్కపక్కనే రాయండి, ఏది ఎలా వచ్చిందో చెబుతూ. ఈ తేడా చూసి సిగ్గుపడాల్సిన పని లేదు. 2016లో ప్లాంట్‌విలేజ్ మీద వచ్చిన బాగా పేరున్న పత్రంలోనే అదే డేటాసెట్‌లో పక్కన పెట్టిన ఫోటోల మీద 99.35 శాతం వచ్చి, వేరే పరిస్థితుల్లో తీసిన ఫోటోల మీద 31 శాతానికి కాస్త పైన ఆగింది. ఆ రెండు అంకెలూ వాళ్లే రాసుకున్నారు.

తోట వారీగా విడగొట్టడం సైకిట్‌లెర్న్‌లో మూడు వరుసల పని. `paths`, `labels`, `orchard` మూడూ నంపై అర్రేలుగా ఉండాలి:

```python
from sklearn.model_selection import LeaveOneGroupOut

for tr, te in LeaveOneGroupOut().split(paths, labels, groups=orchard):
    print(set(orchard[te]), len(tr), len(te))
```

ఇది ఒక్కో తోటను వంతులవారీగా పక్కన పెడుతుంది. టైమ్ ఉంటే ఐదు వంతులూ నడపండి. తిప్పర్తి తోట పక్కకు పోయిన వంతులో శిక్షణకు 20 గజ్జి ఫోటోలే మిగులుతాయి, ఆ వంతు ఫలితం ఘోరంగా వస్తుంది. దాన్ని తీసేసి సగటు వేయకండి. మన డేటా ఎంత వంకరగా ఉందో చెప్పేది ఆ వంతే.

4. 76 శాతాన్ని విప్పి చూపించండి

గుర్రంపోడు తోట 200 ఫోటోల మీద ఫలితం ఇది. వరుస అసలు లేబుల్, నిలువు మోడల్ చెప్పింది.

| అసలు | ఆరోగ్యం | గజ్జి | ఆకుముడత | జింకు | సరైనవి |
|---|---|---|---|---|---|
| ఆరోగ్యం (90) | 78 | 2 | 4 | 6 | 87% |
| గజ్జి (20) | 3 | 9 | 8 | 0 | 45% |
| ఆకుముడత (60) | 8 | 5 | 47 | 0 | 78% |
| జింకు (30) | 12 | 0 | 0 | 18 | 60% |

మొత్తం 152 సరైనవి, అంటే 76 శాతం. అన్నీ ఆరోగ్యమే అని చెప్పినా ఈ తోటలో 45 శాతం వస్తుంది. ఆ అంకెను 76 పక్కనే రాయండి, చదివేవాడికి పోలిక దొరుకుతుంది.

గజ్జి వరుస దగ్గర ఆగుదాం. 20 గజ్జి ఫోటోల్లో 9 మాత్రమే పట్టింది, 8 ఆకుముడత అంది. రెండో మెట్టులో చూసిన తగాదాయే ఇది: ఆ ఎనిమిదీ తెరిచి చూస్తే చాలావాటిలో చారా, మచ్చా రెండూ ఉంటాయి. ఇంకో సంగతి, ఆ 20 ఫోటోలు 7 ఆకులవి. 20కి 9 అంటే 45 శాతం అని రాస్తాం కానీ, ఇంత చిన్న లెక్కలో అసలు విలువ 26 నుంచి 66 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అది కూడా 20 ఫోటోలూ వేర్వేరు ఆకులైతే. ఏడే ఆకులు కాబట్టి ఇంకా వెడల్పు. అసలు గజ్జి ఉన్నవాటిలో మోడల్ పట్టిన భాగాన్నే రీకాల్ అంటారు. కార్డులో "గజ్జి రీకాల్ 45%" అని ఒంటరిగా వదలకండి. "7 ఆకులు, 20 ఫోటోల మీద లెక్కించింది, నమ్మకం తక్కువ" అని పక్కనే పెట్టండి.

5. పరిమితులు: ప్రతిదానికీ డేటాలో ఒక ఆధారం

ఇప్పుడు పరిమితులు రాయడం దాదాపు కాపీ చేసుకోవడమే. నా దగ్గరకు వచ్చే టీములకు ఒక నియమం పెట్టాను: పరిమితి వాక్యం రాసి, అది డేటా పట్టికలో ఏ గడి నుంచి వచ్చిందో, లేదా ఫలితాల పట్టికలో ఏ గడి నుంచి వచ్చిందో వేలు పెట్టి చూపించాలి. చూపించలేకపోతే కొట్టేయాలి. మన టీము కార్డులో మిగిలినవి ఇవి:

> గజ్జి శిక్షణ ఫోటోలన్నీ ఒకే తోటలో, ఆగస్టులో, ఒకే ఫోన్‌తో, తెల్ల చార్టు మీద తీసినవి. వేరే నేపథ్యం మీద గజ్జిని గుర్తిస్తుందని చెప్పడానికి మా దగ్గర గట్టి ఆధారం లేదు. కొత్త తోటలో సగానికి పైగా గజ్జి ఫోటోలను తప్పుగా చెప్పింది.
>
> ఆకుముడత, గజ్జి ఒకే ఆకు మీద ఉంటే మోడల్ ఒక్కటే చెబుతుంది, ఎక్కువసార్లు ఆకుముడత అంటుంది. "ఆకుముడత" అని వచ్చినా గజ్జి లేదని అర్థం కాదు.
>
> గ్రీనింగ్ తెగులు మా క్లాసుల్లో లేదు. గ్రీనింగ్ ఆకు ఇచ్చినా నాలుగింటిలో ఒక పేరు చెప్పి తీరుతుంది. "జింకు లోపం" అని వచ్చే అవకాశం ఎక్కువని మా అంచనా, పరీక్షించలేదు.

మూడో పేరా కొంచెం వివరించాలి. ఇలాంటి మోడల్ ఆఖరి పొరలో నాలుగు అంకెలిస్తుంది, నాలుగూ కలిపి నూరు శాతం అయ్యేలా. "నాకు తెలియదు" అనే గడి లేదు. బత్తాయి ఆకు బదులు వేపాకు పెట్టినా 90 శాతం నమ్మకంతో ఏదో ఒక పేరు చెప్పగలదు. ఆ 90ని చూసి రైతు నమ్ముతాడు. జింకు లోపమే కదా అని జింక్ సల్ఫేట్ కొట్టుకుంటూ కూర్చుంటే, గ్రీనింగ్ సోకిన చెట్టు తోటలోనే ఉండిపోయి, సిట్రస్ సిల్లా పురుగు ద్వారా పక్క చెట్లకు అంటుతుంది. పరిమితి రాసేటప్పుడు తప్పు ఏమిటో చెప్పి ఆగకుండా, ఆ తప్పు వల్ల ఎవరికి ఏం నష్టమో ఇలా ఒక్క వాక్యంలో చెప్పండి.

ఫోటో కొలత మీద కూడా ఒక పరిమితి ఉంది, దీన్ని దాదాపు ఎవరూ రాయరు. మన మోడల్ మొబైల్‌నెట్ వి2 మీద కట్టింది, ఫోటోను 224×224 పిక్సెళ్లకు కుదించి చూస్తుంది. ఎనిమిది సెంటీమీటర్ల ఆకు ఫ్రేమ్‌లో దాదాపు నిండా ఉంటే, అది 200 పిక్సెళ్ల పొడవు అనుకుందాం. అప్పుడు మిల్లీమీటరుకు రెండున్నర పిక్సెళ్లు. రెండు మిల్లీమీటర్ల లేత గజ్జి మచ్చ ఐదు పిక్సెళ్లలో కనిపిస్తుంది. అదే ఆకు ఫ్రేమ్‌లో మూడో వంతే ఉంటే మచ్చకు రెండు పిక్సెళ్లు కూడా దక్కవు. ఫోన్ కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లదైనా లాభం లేదు, కుదించాక పోయేదే. కాబట్టి "ఆకు ఫ్రేమ్ నిండా ఉండాలి" అన్నది వాడేవాళ్లకు సలహా కాదు, మోడల్ పనిచేయడానికి షరతు.

6. ఉద్దేశించిన వాడకం, ఇప్పుడు

ఫోటోలకు వెళ్లినప్పుడు తోటలో జరిగే మాట ఒకటుంది. పిల్లలు ఫోన్‌లో ఫలితం చూపించగానే రైతు అడిగే మొదటి మాట: "సరే బిడ్డా, మరి ఏం మందు కొట్టాలె?" మోడల్ దానికి జవాబు చెప్పదు. కానీ చెప్పినట్టే వాడతారు. ఉద్దేశించిన వాడకం రాసేటప్పుడు ఈ ప్రశ్నను ఎదురుగా పెట్టుకోండి.

ఎవరు వాడతారు, ఎలాంటి ఫోటో ఇస్తారు, ఫలితం చూసి ఏం చేస్తారు అన్న మూడింటికీ జవాబు ఉండాలి. "రైతులకు ఉపయోగపడుతుంది" అంటే మూడింటిలో ఒక్కదానికీ జవాబు రాలేదు. 76 శాతం, అందులో గజ్జి 45 శాతం ఉన్న మోడల్‌ను రైతు చేతికి ఇవ్వలేం. మరి దేనికి పనికొస్తుంది? టీము కూర్చుని ఒప్పుకున్నది ఇది:

> బత్తాయి ఆకుల ఫోటోలను ముందుగా గుంపులుగా వేరు చేసి, లేబుల్ వేసే మనిషికి పని తగ్గించడానికి, తరగతి ప్రయోగాలకు. ప్రతి ఫలితాన్నీ మనిషి చూడాలి. ఫోటో: కోసిన ఒక్క ఆకు, ఫ్రేమ్ నిండా, పగటి వెలుగులో.
>
> దీనికి కాదు: మందు ఎంపికకు, పిచికారీ నిర్ణయానికి, "తోటలో గజ్జి లేదు" అని తేల్చడానికి. నిమ్మ ఆకులకు, కాయల ఫోటోలకు, డ్రోన్ ఫోటోలకు కాదు.

చిన్నగా ఉందని బాధపడ్డారు. నిజమే, కానీ చెప్పిన ప్రతి మాటకూ వెనక అంకె ఉంది.

"దీనికి కాదు" అనే జాబితాలో ఊరికే నోటికొచ్చినవి నింపకండి. "విమానాలు నడపడానికి కాదు" అని రాసిన కార్డు కూడా నేను చూశాను. ఎవరైనా పొరపాటున నిజంగా వాడబోయేవే రాయాలి. నిమ్మ ఎందుకు వచ్చిందంటే, మహబూబ్‌నగర్ వైపు ఇంకో టీము ఈ మోడల్‌నే తీసుకుని నిమ్మ ఆకులకు వాడదామనుకునే అవకాశం ఉంది. రెండూ సిట్రస్ చెట్లే, ఆకులూ చూడటానికి దగ్గరగా ఉంటాయి. కానీ గజ్జి నిమ్మకు బత్తాయి కంటే చాలా తీవ్రంగా వస్తుంది, మన డేటాలో నిమ్మ ఆకు ఒక్కటీ లేదు.

7. మిగిలిన చిల్లర పనులు

ఫోటోలు బయట పెట్టే ముందు జీపీఎస్ తీసేయండి. మండలం పేరు చాలు, రైతు పేరు, సర్వే నంబరు వద్దు. తెగులు ఉన్న తోట ఫలానాది అని బయటపడితే కాయ కొనేవాళ్ల దగ్గర ఆ రైతుకే నష్టం. ఫోటోలు పెట్టడానికి అనుమతి ఎలా తీసుకున్నారో, నోటిమాటగానా రాతపూర్వకంగానా, ఒక వాక్యం రాయండి. గూగుల్‌లో వెతికి దించుకున్న ఫోటోలు కలిపి ఉంటే అవి ఎన్నో చెప్పండి, డేటాసెట్‌తో పాటు మాత్రం పంచకండి. జీపీఎస్ తీయడానికి:

```
exiftool -gps:all= -overwrite_original *.jpg
```

`-overwrite_original` మరిచిపోతే పాత ఫోటోలు `IMG_2041.jpg_original` అన్న పేరుతో అదే ఫోల్డర్‌లో ఉండిపోతాయి, జీపీఎస్‌తో సహా. ఫోల్డర్ జిప్ చేసి అప్‌లోడ్ చేస్తే అవీ పోతాయి. పని మీ అసలు ఫోటోల కాపీ మీదే చేయండి, తేదీలు రిజిస్టర్‌లో ఎక్కాయో లేదో చూసుకున్నాకే.

కార్డును హగ్గింగ్ ఫేస్‌లో పెడితే `README.md` పేరుతో పెట్టాలి, పైన ఇలాంటి చిన్న తల ఉండాలి:

```yaml
---
license: mit
pipeline_tag: image-classification
base_model: google/mobilenet_v2_1.0_224
---
```

`license` ఏది పెట్టాలో టీమంతా కలిసి నిర్ణయించుకోండి. ఇక్కడ పెట్టేది మోడల్‌కు వర్తించే లైసెన్స్, ఫోటోలది వేరే.

ఆఖరుగా ఒక పరీక్ష. కార్డు అయిపోయాక, ప్రాజెక్టు గురించి ఏమీ తెలియని జూనియర్‌కు ఇచ్చి రెండే ప్రశ్నలు అడగండి: "గజ్జి ఫోటోలు ఎన్ని తోటలవి? ఆకుముడత అని వస్తే గజ్జి లేదనుకోవచ్చా?" మీ నోటి సాయం లేకుండా కార్డు చూసి రెండు నిమిషాల్లో చెప్పగలిగితే సరే. వాళ్లు తల గోక్కున్న చోటికి వెళ్లి ఆ పేరా తిరగరాయండి.